వెయ్యేళ్ళ నాటి తేదీ నుంచి నేటికి ఎన్ని రోజులు? జూలియన్ రోజు సంఖ్యతో లెక్క కట్టే పద్ధతి

ఊరి చరిత్రో, గుడి చరిత్రో రాస్తున్నవాళ్ళ నుంచి ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఫలానా శాసనం నుంచి ఈ రోజుకి సరిగ్గా ఎన్ని రోజులు?" అని. ఫోన్లో ఏదో యాప్‌లో రెండు తేదీలు కొడితే ఒక అంకె వస్తుంది. ఇంకో యాప్‌లో కొడితే ఇంకోటి వస్తుంది. రెండింటికీ ఐదారు రోజులో, పది రోజులో తేడా. ఏది నమ్మాలి?

రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న జరిగింది. 2022 ఆగస్టు 16 నాటికి "సరిగ్గా వెయ్యేళ్ళు" అన్నారు చాలామంది. రోజుల లెక్కలో అది సరి కాదు. ఎందుకు కాదో, ఎన్ని రోజుల తేడా ఉందో ఈ ఉదాహరణతోనే చేసి చూద్దాం. మీ దగ్గరున్న తేదీ ద్రాక్షారామం శాసనానిదైనా, నరసాపురం పక్కన ఇంగ్లీషువాళ్ళు రాసిన ఉత్తరానిదైనా చేసే పని ఇదే.

కావలసినవి

కాగితం, పెన్ను, మామూలు క్యాలిక్యులేటర్. ఫోన్లోది చాలు. పది తేదీలకు మించి ఉంటే ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరవండి, దానికి సూత్రం చివర్లో ఇచ్చాను. వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఆ తేదీ ఏ క్యాలెండర్‌లో ఉందన్న సమాచారం. అది లేకుండా మొదలుపెట్టకండి.

తెలియాల్సిన నాలుగు ముక్కలు

క్రీస్తుపూర్వం 4713 జనవరి 1ని సున్నాగా పెట్టుకుని, అప్పటి నుంచి రోజుకొకటి చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తే ప్రతి రోజుకీ ఒక నంబరు వస్తుంది. అదే జూలియన్ రోజు సంఖ్య. నెలలు, లీపు సంవత్సరాలు, క్యాలెండర్ మార్పులు ఏవీ దానికి పట్టవు. రెండు తేదీలనూ నంబర్లుగా మార్చి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తేడా వచ్చేస్తుంది.

పంచాంగం గుణించేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కలియుగాది నుంచి లెక్కించే అహర్గణం కూడా ఇలాంటిదే, మొదలు మాత్రం వేరు. జూలియన్ రోజు సంఖ్యలోంచి 5,88,466 తీసేస్తే కలి అహర్గణం వస్తుంది.

పేరు దగ్గర ఒక జాగ్రత్త. జూలియన్ రోజు సంఖ్య వేరు, జూలియన్ క్యాలెండర్ వేరు. మొదటిది నంబరు. రెండోది జూలియస్ సీజర్ పెట్టిన పాత క్యాలెండర్, ప్రతి నాలుగేళ్ళకూ తప్పకుండా లీపు సంవత్సరం వచ్చేది. ఇప్పుడు మన గోడ మీద ఉన్నది గ్రెగోరియన్. అందులో 1700, 1800, 1900 లీపు కావు. ఇక్కడి నుంచి వాటిని పాత క్యాలెండర్, కొత్త క్యాలెండర్ అంటాను.

1. తేదీ పక్కన పా లేదా కొ అని రాసుకోండి

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి ఈ అడుగులో తొందరపడకండి.

1582 అక్టోబరు 4 దాకా ఉన్న తేదీలన్నీ పాత క్యాలెండరే. రాజరాజ నరేంద్రుడిది, ద్రాక్షారామం శాసనాలది అంతే. శాసనంలో శక సంవత్సరం, తిథి, వారం ఉంటాయి. చరిత్రకారులు వాటిని క్రీస్తు శకంలోకి మార్చి ఇచ్చేటప్పుడు పాత క్యాలెండర్‌లోనే ఇస్తారు.

1582 తర్వాత తేదీ రాసినవాడు ఎవడన్నది చూడాలి. మన గోదావరి డెల్టాలో ఈ చిక్కు బాగా కనిపిస్తుంది. పాలకొల్లులో డచ్చివాళ్ళ వర్తక కోఠీ ఉండేది, వాళ్ళది కొత్త క్యాలెండర్. దానికి దగ్గర్లోనే నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళ కోఠీ, వాళ్ళది పాతది. పదిహేడో శతాబ్దంలో ఒకే రోజున ఈ రెండు కోఠీల్లో ఉత్తరాలు రాస్తే వాటి మీద తేదీలు పది రోజుల తేడాతో ఉండేవి. యానాంలోని ఫ్రెంచివాళ్ళది కొత్తదే. ఇంగ్లీషువాళ్ళు 1752లో మారారు. ఆ ఏడాది సెప్టెంబరు 2 బుధవారం తర్వాత వాళ్ళకు సెప్టెంబరు 14 గురువారం వచ్చింది.

కాబట్టి ఇంగ్లీషు కాగితమైతే 1752 సెప్టెంబరు 2 దాకా పా, ఆ తర్వాత కొ. డచ్చి, ఫ్రెంచి కాగితమైతే కొ. ఈ మధ్య కాలం నాటి తేదీని ఇప్పటి పుస్తకంలోంచి తీసుకుంటుంటే, రచయిత దాన్ని కొత్త క్యాలెండర్‌లోకి మార్చి రాశాడా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చాడా అన్నది ముందుమాటలోనో అడుగు సూచికల్లోనో చూడండి. రెండు రకాలూ ఉన్నాయి.

2. పాత ఇంగ్లీషు కాగితమైతే సంవత్సరం సరిచేయండి

1752కి ముందు ఇంగ్లీషువాళ్ళకు కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. అంటే 1678 డిసెంబరు తర్వాత 1678 జనవరి, 1678 ఫిబ్రవరి వచ్చేవి. అందుకని జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ ఉంటే సంవత్సరానికి ఒకటి కలపాలి. కొన్ని కాగితాల మీద 1678/9 అని రెండూ ఉంటాయి, అప్పుడు రెండోది తీసుకోండి. ఇప్పటి సంపాదకుడు ముందే సరిచేసి అచ్చు వేసి ఉంటే మళ్ళీ కలపకండి. చుట్టుపక్కల ఉత్తరాల వరస చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

శాసనం తేదీలకూ, డచ్చి కాగితాలకూ ఈ అడుగు అక్కర్లేదు.

3. మూడు అంకెలు సిద్ధం చేసుకోండి

మొదటిది రోజు, ఉన్నదున్నట్టు.

రెండోది నెలకు ఇవ్వాల్సిన అంకె. ఇక్కడ సంవత్సరాన్ని మార్చితో మొదలుపెడతాం. ఫిబ్రవరి 29 అనే తలనొప్పి సంవత్సరం చివరికి పోతుందని.

| నెల | అంకె | నెల | అంకె |
|---|---|---|---|
| మార్చి | 0 | సెప్టెంబరు | 184 |
| ఏప్రిల్ | 31 | అక్టోబరు | 214 |
| మే | 61 | నవంబరు | 245 |
| జూన్ | 92 | డిసెంబరు | 275 |
| జూలై | 122 | జనవరి | 306 |
| ఆగస్టు | 153 | ఫిబ్రవరి | 337 |

మూడోది సంవత్సరం. దానికి 4800 కలపండి. నెల జనవరి గానీ ఫిబ్రవరి గానీ అయితే వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. దీన్ని Y అనుకుందాం.

అడుగు 2లో ఒకటి కలిపాం కదా, ఇక్కడ మళ్ళీ తీసేయడం ఎందుకు అని అడుగుతుంటారు. అది ఇంగ్లీషువాళ్ళ అలవాటును సరిచేయడం, ఇది మన సూత్రం కోసం చేసేది. రెండూ చేయాల్సిందే.

4. సూత్రంలో వేయండి

D అంటే రోజు, M అంటే పట్టికలోని అంకె. INT అంటే భాగించాక చుక్క తర్వాతది వదిలేయడం. 1455.5 వస్తే 1455 మాత్రమే. దగ్గరి అంకెకు సవరించకండి.

పాత క్యాలెండర్ తేదీకి:

```
D + M + 365*Y + INT(Y/4) - 32083
```

కొత్త క్యాలెండర్ తేదీకి:

```
D + M + 365*Y + INT(Y/4) - INT(Y/100) + INT(Y/400) - 32045
```

ఇప్పుడు పట్టాభిషేకం తేదీ వేద్దాం. 1022 ఆగస్టు 16, పా. D 16, M 153, Y అంటే 1022 + 4800 = 5822.

365 × 5822 = 21,25,030. 5822ను 4తో భాగిస్తే 1455.5, అంటే 1455.

16 + 153 + 21,25,030 + 1,455 − 32,083 = 20,94,571

రెండో తేదీ 2022 ఆగస్టు 16, కొ. D, M అవే. Y = 6822.

365 × 6822 = 24,90,030. నాలుగో వంతు 1705, వందో వంతు 68, నాలుగు వందల వంతు 17.

16 + 153 + 24,90,030 + 1,705 − 68 + 17 − 32,045 = 24,59,808

5. తీసేయండి

24,59,808 − 20,94,571 = 3,65,237 రోజులు.

రెండు తేదీలనూ కొత్త క్యాలెండర్‌గా లెక్కేసే యాప్ 3,65,243 అని చూపిస్తుంది. పైథాన్‌లో ఇలా వేసినా అదే వస్తుంది:

```python
from datetime import date
print((date(2022,8,16) - date(1022,8,16)).days)   # 365243
```

తప్పు పైథాన్‌ది కాదు. అది 1022లో కూడా కొత్త క్యాలెండరే నడిచిందనుకుని లెక్కేస్తుంది. ఆ శతాబ్దంలో రెండు క్యాలెండర్లకూ ఉన్న తేడా ఆరు రోజులు, ఆ ఆరే ఇక్కడ ఎక్కువగా పడింది.

ఇంతకీ వెయ్యేళ్ళు ఎప్పుడు నిండాయి? సూర్యుడు ఆకాశంలో 1022 ఆగస్టు 16న ఉన్న ఋతువు స్థానానికి వెయ్యోసారి తిరిగొచ్చిన రోజు అని మీ ఉద్దేశమైతే అది సుమారు 2022 ఆగస్టు 21. తేదీ అంకెలు కలిస్తే చాలు అనుకుంటే ఆగస్టు 16. తిథి ప్రకారం కావాలంటే రెండూ కాదు, పంచాంగం చూడాలి. ఏ అర్థంలో అంటున్నారో మీ వ్యాసంలో ఒక వాక్యం రాసేయండి, గొడవ ఉండదు.

6. వారంతో సరిచూడండి

ఈ అడుగు మానేస్తే మిగతాదంతా చేసినా గ్యారంటీ లేదు. రోజు సంఖ్యను 7తో భాగించి శేషం చూడండి. 0 సోమవారం, 1 మంగళ, 2 బుధ, 3 గురు, 4 శుక్ర, 5 శని, 6 ఆదివారం.

20,94,571ను 7తో భాగిస్తే శేషం 3. గురువారం.

ఇప్పుడు శాసనం ఏమంటోందో చూడండి. రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి తామ్రశాసనంలో పట్టాభిషేక కాలం శ్లోకంలో చెప్పారు. శక సంవత్సరాన్ని వేద, అంబురాశి, నిధి అనే మాటల్లో పెట్టారు. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9, వెనక నుంచి చదివితే 944. దానికి 78 కలిపితే 1022. సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం అని ఉంది. మన శేషం గురువారమే ఇచ్చింది.

అదే తేదీని పొరపాటున కొత్త క్యాలెండర్ సూత్రంలో వేస్తే 20,94,565 వస్తుంది. శేషం 4, శుక్రవారం. శాసనంతో కలవలేదు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. రాగిరేకు మీద వారం చెక్కించినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

7. తిథితో కూడా సరిచూడండి, ముఖ్యంగా 1100కీ 1300కీ మధ్య తేదీలైతే

వారం పరీక్షకు ఒక గుడ్డి మచ్చ ఉంది, అది సరిగ్గా మనకు తగిలే చోటే ఉంది. 1100 మార్చి నుంచి 1300 ఫిబ్రవరి దాకా పాత, కొత్త క్యాలెండర్ల మధ్య తేడా సరిగ్గా ఏడు రోజులు. అంటే తప్పు సూత్రంలో వేసినా వారం మారదు. వెలనాటి చోడుల నాటివి, కాకతీయుల నాటివి ఈ కాలంలోకే వస్తాయి. వారం కలిసింది కదా అని ధీమాగా అచ్చు వేయించేస్తే ఏడు రోజుల తప్పు అలాగే ఉండిపోతుంది.

అందుకని చంద్రుణ్ణి సాక్ష్యానికి పిలవాలి. షీట్‌లో ఇలా వేయండి, 2094571 ఉన్నచోట మీ నంబరు పెట్టుకుని:

```
=MOD(2094571-2451550, 29.530588)
```

అమావాస్య అయ్యాక సుమారు ఎన్ని రోజులైందో వస్తుంది. 24,51,550 అనేది 2000 జనవరి 6, ఆ రోజు అమావాస్య. 29.530588 చాంద్రమాసం సగటు పొడవు. మన ఉదాహరణకు 16.28 వస్తుంది. పౌర్ణమికి సుమారు 14.8, ఒక్కో తిథి రోజుకంటే కాస్త తక్కువ. కాబట్టి 16.28 అంటే పౌర్ణమి వెళ్ళి పాడ్యమి దాటి విదియలో ఉన్నాం. శాసనం బహుళ విదియ అంది, కలిసింది. తప్పు నంబరు 20,94,565 వేసి చూడండి, 10.28 వస్తుంది. అది శుద్ధ ఏకాదశి, బహుళ విదియకు ఆమడ దూరం.

ఇది సగటు లెక్క. చంద్రుడి వేగం మారుతూ ఉంటుంది కనుక ఒక తిథి అటూ ఇటూ అయినా కంగారు పడకండి. ఏడు రోజుల తప్పును పట్టుకోవడానికి ఇది చాలు. శాసనం తేదీని కొత్తగా నిర్ణయించడానికి మాత్రం చాలదు, దానికి పూర్తి పంచాంగ గణితం చేయాలి.

రెండో ఉదాహరణ: రెండు కోఠీల ఉత్తరాలు

అడుగులు 1, 2 ఎంత ముఖ్యమో చూపించడానికి ఒక కల్పిత ఉదాహరణ వేద్దాం. మాధవాయిపాలెం నుంచి ఇంగ్లీషువాడు రాసిన ఉత్తరం మీద 1678 ఫిబ్రవరి 5 అని ఉందనుకుందాం. పాలకొల్లు నుంచి డచ్చివాడు రాసినదాని మీద 1679 ఫిబ్రవరి 20 అని ఉంది. పైపైన చూస్తే రెండింటికీ ఏడాదీ పదిహేను రోజులూ తేడా.

ఇంగ్లీషు తేదీ ఫిబ్రవరిలో ఉంది కాబట్టి సంవత్సరం 1679 అవుతుంది. పా. ఫిబ్రవరి కనుక Y = 1679 + 4800 − 1 = 6478.

5 + 337 + 23,64,470 + 1,619 − 32,083 = 23,34,348

డచ్చి తేదీ కొ. Y అదే 6478.

20 + 337 + 23,64,470 + 1,619 − 64 + 16 − 32,045 = 23,34,353

తేడా 5 రోజులు. ఏడాది వెనక రాసిన ఉత్తరానికి జవాబు అనుకున్నది వాస్తవానికి ఐదు రోజుల్లో వచ్చిన జవాబు. ఏ ఉత్తరానికి ఏది జవాబు అన్నదే తారుమారైతే ఇక ఆ అధ్యాయం మొత్తం మళ్ళీ రాసుకోవాలి.

ఇదే ఇంగ్లీషు ఉత్తరం నుంచి 2015 గోదావరి పుష్కరాలు మొదలైన జూలై 14 దాకా ఎన్ని రోజులో మీరే వేసి చూడండి. పుష్కరాల రోజు నంబరు 24,57,218 రావాలి. తేడా 1,22,870.

ఎక్కడెక్కడ తప్పుతారు

ఒకటి, ఇంటర్నెట్‌లో దొరికే నంబర్లను చేత్తో వేసినవాటితో కలపడం. ఖగోళ సాఫ్ట్‌వేర్‌లో జూలియన్ రోజు గ్రీనిచ్ మధ్యాహ్నానికి మొదలవుతుంది, అందుకే అర్ధరాత్రికి 2457217.5 అని చూపిస్తుంది. మన సూత్రం ఆ రోజుకు 24,57,218 ఇస్తుంది. రెండూ సరైనవే, కానీ ఒక తేదీ అక్కడిది, ఇంకో తేదీ ఇక్కడిది తీసుకుంటే సగం రోజు మిగులుతుంది. జవాబులో .5 కనిపిస్తే జరిగింది ఇదే. పాత తేదీలకు గంటలు ఎలాగూ తెలియవు కనుక పూర్ణ సంఖ్యతోనే పని కానివ్వండి.

రెండు, రెండు చివర్లూ కలిపి లెక్కించడం. 2015 పుష్కరాలు జూలై 14 నుంచి 25 దాకా. తీసివేత 11 ఇస్తుంది, కానీ పుష్కరాలు పన్నెండు రోజులు. "ఎన్ని రోజుల తర్వాత" అంటే తీసివేత చాలు. "ఎన్ని రోజులు జరిగింది" అంటే ఒకటి కలపాలి. వేల రోజుల లెక్కలో ఒక్క రోజే కదా అని వదిలేస్తే సరిచూసేటప్పుడు ఆ ఒక్కటే ప్రాణం తీస్తుంది.

మూడు, మన వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. తెల్లవారుజామున మూడింటికి జరిగినదాన్ని శాసనం గురువారం అంటే, ఇంగ్లీషు తేదీ ప్రకారం అప్పటికే శుక్రవారం వచ్చేసి ఉంటుంది. వారం పరీక్షలో సరిగ్గా ఒక్క రోజు తేడా వస్తే సూత్రాన్ని అనుమానించే ముందు అది రాత్రి ముహూర్తమా అని చూడండి.

నాలుగు, క్రీస్తుపూర్వం తేదీలు. క్రీస్తుపూర్వం 1ని 0గా, 2ని −1గా, అలా వేయాలి. కలియుగాది క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18 అంటారు, దాన్ని −3101గా వేస్తే 5,88,466 వస్తుంది. −3102 వేస్తే ఏడాది తప్పు.

చాలా తేదీలుంటే షీట్ ఇలా పెట్టుకోండి

A లో రోజు, B లో నెల సంఖ్య, C లో సంవత్సరం, D లో పాత క్యాలెండర్‌కి 0, కొత్తదానికి 1. తేదీని ఒకే గడిలో కొట్టకండి. ఎక్సెల్ 1900కి ముందు తేదీని తేదీగా గుర్తించదు, అక్షరాలుగా దాచుకుంటుంది. అందుకే మూడు గడులు.

```
E2: =C2+4800-IF(B2<3,1,0)
F2: =INT((153*MOD(B2+9,12)+2)/5)
G2: =A2+F2+365*E2+INT(E2/4)-IF(D2=1,INT(E2/100)-INT(E2/400)+32045,32083)
H2: =MOD(G2,7)
I2: =MOD(G2-2451550,29.530588)
```

F గడి మనం పట్టికలో చూసిన నెల అంకెనే ఇస్తుంది. G రోజు సంఖ్య, H వారం, I అమావాస్య తర్వాతి రోజులు.

అసలు తేదీలు ఎక్కించే ముందు ఈ మూడూ వేసి షీట్‌ను పరీక్షించండి. 1752 సెప్టెంబరు 2 పాత క్యాలెండర్‌లో 23,61,221 రావాలి. 1752 సెప్టెంబరు 14 కొత్త క్యాలెండర్‌లో దాని పక్క నంబరు 23,61,222 రావాలి. 2000 జనవరి 1 కొత్తది 24,51,545. మొదటి రెండూ పక్కపక్క నంబర్లు కాకపోతే D గడిలో 0, 1 తారుమారు చేశారన్నమాట. మూడోది ఒక్కటే తప్పు వస్తే E2 లోని జనవరి, ఫిబ్రవరి సవరణ చూడండి.

ఈ కాలం తేదీలకు ఇంకో దారి కూడా ఉంది. ఏదైనా ఖాళీ గడిలో `=DATE(2015,7,14)` కొట్టి, గడి ఫార్మాట్‌ను నంబరుకు మార్చి, వచ్చినదానికి 24,15,019 కలపండి. G లోని నంబరుతో కలవాలి. ఇది 1900 మార్చి 1 తర్వాత తేదీలకే.

శాసనంలో తిథి, వారం లేకపోతే

శిథిలమైన శాసనాల్లో చాలాసార్లు శక సంవత్సరం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు జనవరి 1 అనో, ఉగాది అనో ఊహించి ఒకే జవాబు రాయకండి. ఆ శక సంవత్సరం మొదటి రోజుకొకటి, చివరి రోజుకొకటి రెండు నంబర్లు వేసి, రెండు తేడాలూ రాయండి. పైగా శక సంవత్సరం గడిచినదా, నడుస్తున్నదా అన్నది శాసనం చెప్పకపోతే ఇంకో ఏడాది వెనక్కి కూడా జరగొచ్చు, కనుక మొదటి నంబరును ఏడాది ముందు నుంచి తీసుకోవాలి. జవాబు "ఇన్ని రోజులకు తక్కువ కాదు, ఇన్ని రోజులకు ఎక్కువ కాదు" అని వస్తుంది, ఆ రెంటికీ మధ్య ఏడు వందల రోజులకు పైగా ఎడం ఉంటుంది. గుడి బోర్డు మీద రాయించేటప్పుడు "సుమారు" అన్న మాట తీసేయమని కమిటీవాళ్ళు అడుగుతారు. తీసేయకండి.